మడ అడవి కర్బన నిల్వపై పోస్టరు: ప్రధాన ఫలితం కొన్ని సెకన్లలో తెలిసేలా ఎలా కూర్చాలి?

మడతీరం (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. వచ్చే నెల జరిగే ఒక సదస్సులో నా పోస్టరు పెట్టాలి. ఏ0 కాగితం, నిలువుగా, అంటే 841 × 1189 మిల్లీమీటర్లు. ఒకే సహజ మడ అడవిలో నీటి అంచు నుంచి లోపలికి వరుసగా ఆరు ప్లాట్లు వేసి చెట్లు, పడిపోయిన కలప కొలిచాను. వేళ్ల బరువును సమీకరణాల ద్వారా లెక్కగట్టాను. మట్టిని మాత్రం ఒక మీటరు లోతు వరకే కోర్‌తో తీశాను. హెక్టారుకు సగటు కర్బనం ఇలా వచ్చింది: చెట్ల పైభాగం 96 టన్నులు, పడిన కలప 8, వేళ్లు 44, మట్టి 392. మొత్తం 540.

ఇప్పుడున్న నమూనాలో పైన "మడ అడవి ఆవరణ వ్యవస్థలో కర్బన నిల్వల మదింపు" అన్న శీర్షిక ఉంది. దాని కింద పచ్చటి చెట్ల పెద్ద ఛాయాచిత్రం, ఎడమవైపు పద్ధతులు, మధ్యలో ఒక పట్టిక, కుడివైపు మూలన నాలుగు ముక్కల వృత్తచిత్రం ఉన్నాయి. ప్రయోగశాలలో తోటివారొకరు దీన్ని చూసి, కాసేపు ఆగి, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఇంతకీ మీరు కనుక్కున్నదేమిటి?" అని అడిగారు. నేను కనుక్కున్నదల్లా ఒక్కటే: ఈ అడవిలోని కర్బనంలో ఎక్కువ భాగం చెట్లలో లేదు, బురదలో ఉంది. దారిన పోయే మనిషికి అది ఆగకుండానే తెలియాలంటే ఏం మార్చాలో చెప్పగలరా?

రేఖాచిత్రం

మడతీరం గారూ, శీర్షిక మార్చాలన్నది మీకు ఇప్పటికే తెలిసినట్టుంది. "మదింపు" అన్న మాట మీరు చేసిన పనిని చెబుతుందే తప్ప దొరికినదాన్ని చెప్పదు. ఫలితాన్ని క్రియతో సహా వాక్యంగా రాసి, దాన్నే శీర్షికగా పెట్టండి. పాత శీర్షిక కార్యక్రమ పుస్తకంలో ఎలాగూ అచ్చవుతుంది కనుక పోస్టరుపై చిన్న అక్షరాలతో ఒక పక్కన ఉంటే చాలు.

నాకు శీర్షిక కన్నా పెద్ద లోపంగా కనబడుతున్నది ఆ ఛాయాచిత్రం. మీ ఫలితం "చెట్లలో కాదు" అంటుంటే, మీ పోస్టరులో అన్నిటికన్నా పెద్దగా, అన్నిటికన్నా రంగుగా ఉన్నవి చెట్లే. కన్ను ముందు వెళ్లేది అక్కడికే. శీర్షిక ఎంత చక్కగా రాసినా బొమ్మ దానికి ఎదురు చెబుతూనే ఉంటుంది.

నమూనాను తెరపై నాలుగు మీటర్ల దూరం నుంచి కనిపించే పరిమాణంలో పెట్టి, విషయం తెలియనివారికి ఐదు సెకన్లు చూపి మూసేయండి. తర్వాత "బాగుందా?" అని అడగవద్దు, ఎవరైనా బాగుందనే అంటారు. "ఇది ఏం చెప్పింది?" అని మాత్రమే అడిగి, వారన్న మాటలను ఉన్నవున్నట్టు రాసుకోండి.

పత్రహరితం

శీర్షికలో ఫలితమే ఉండాలన్న మాటతో నేను ఏకీభవిస్తాను. 2019లో మైక్ మోరిసన్ ప్రచారంలోకి తెచ్చిన పోస్టరు పద్ధతిలో మధ్య భాగాన్నంతా ఒకే రంగుతో నింపి, ప్రధాన ఫలితాన్ని ఒక్క వాక్యంగా పెద్ద అక్షరాల్లో రాస్తారు. మీరూ అలాగే చేయవచ్చు. అయితే 540 అన్న సంఖ్య కాస్త చప్పగా ఉంది. దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి "హెక్టారుకు దాదాపు 2000 టన్నులు" అని రాస్తే దారిన పోయేవారు తప్పక ఆగుతారు. వాతావరణ చర్చల్లో అందరికీ అలవాటైన కొలత కూడా అదే కదా.

బురదకొలత

పత్రహరితం గారు చెప్పిన లెక్కలో తప్పు లేదు. కర్బనాన్ని 44/12తో, అంటే సుమారు 3.67తో గుణిస్తే 540 కాస్తా 1980 అవుతుంది. అయితే ఆ కొలత గాలిలోకి వెళ్లేదాని గురించి గానీ, గాలి నుంచి తీసుకున్నదాని గురించి గానీ మాట్లాడేటప్పుడు వాడేది. అడవిని నరికి చెరువుగా మార్చినప్పుడు ఎంత వాయువు వెలువడిందో కొలిచినవారికి అది సరిపోతుంది. మడతీరం గారు కొలిచింది బురదలో నిలిచి ఉన్న కర్బనాన్ని. దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా రాస్తే, అడవి పోయిన మరునాడే ఆ బురదంతా వాయువై లేచిపోతుందన్న అర్థం స్ఫురిస్తుంది. నిజానికి ఎంత పోతుందన్నది తవ్విన లోతును బట్టి, నీరు ఇంకిపోయి మట్టికి గాలి తగిలిన తీరును బట్టి మారుతుంది. ఆ సంగతి ఈ పోస్టరులో లేదు. పైగా ఇక్కడి ఫలితం ఒక నిష్పత్తి. దేనితో గుణించినా నిష్పత్తి మారదు కనుక సంఖ్యను పెంచుకున్నందువల్ల వచ్చే లాభం కూడా లేదు.

మడతీరం గారికి ఒక హెచ్చరిక. శీర్షికను వాక్యంగా మార్చేటప్పుడు "నేల కింద", "మట్టిలో" అన్న రెండు మాటలను కలిపేసుకోవద్దు. మట్టి మాత్రమే అయితే 392 ÷ 540, అంటే 73 శాతం. నేల కింద అంటే వేళ్లు కూడా చేరతాయి కనుక 436 ÷ 540, అంటే 81 శాతం. శీర్షికలో ఒకటి, చిత్రంలో ఇంకొకటి ఉన్న పోస్టర్లను నేను చాలా చూశాను. పోస్టరు ముందు మూడు నిమిషాలు నిలబడే నిపుణుడు మొదట పట్టుకునేది ఈ తేడానే. అన్నట్టు, కోర్ నుంచి తీసిన ముక్కలో బతికున్న వేళ్లను ఏరి పారేశారా? లేకపోతే అవే వేళ్లు మట్టిలో ఒకసారి, సమీకరణంలో ఇంకోసారి లెక్కకు వస్తాయి.

ప్రశ్నార్థకం

క్షమించాలి, నేనూ ఇలాంటి విషయంపైనే ఒక వ్యాసం రాస్తున్నాను. మడ మొక్కలు నాటితే హెక్టారుకు ఏటా 540 టన్నుల కర్బనం పట్టుకుంటాయని పై సందేశాల నుంచి నాకు అర్థమైంది. దీనిని ఉటంకించవచ్చా? నాటిన ఎన్నో ఏడు నుంచి ఆ లెక్క మొదలవుతుంది?

బురదకొలత

ప్రశ్నార్థకం గారూ, దయచేసి అలా ఉటంకించవద్దు. 540 అన్నది ఏటా చేరేది కాదు, ఎంతో కాలంగా పేరుకుని ఈనాటికి ఉన్న నిల్వ. ఏటా చేరేది ఇందులో చాలా చిన్న భాగం. దాన్ని చెప్పాలంటే బురద పొరల వయసు కట్టాలి. ఆ పని ఈ అధ్యయనంలో జరగలేదు. నాటిన తోటకూ ఈ అడవికీ పోలికే లేదు, ఎందుకంటే ఇక్కడి నిల్వలో అత్యధిక భాగం మొక్క నాటగానే వెంట వచ్చేది కాదు.

రేఖాచిత్రం

ప్రశ్నార్థకం గారి ప్రశ్న పక్కదారి పట్టినదే అయినా మనకు పనికొచ్చింది. "హెక్టారుకు 540 టన్నులు" అని మాత్రమే రాస్తే సదస్సులో కూడా కొందరు "ఏటా" అన్న మాటను తమంతట తామే చేర్చుకుని చదువుతారు. చిత్రం పక్కన సంఖ్యతో పాటు "ఇప్పటికే నిలిచి ఉన్నది" అన్న మూడు మాటలు పెట్టండి, మడతీరం గారూ. వివరణలో కాదు, సంఖ్యను ఆనుకునే ఉండాలి.

మడతీరం

అందరికీ ధన్యవాదాలు. వేళ్లను ఏరి పారేశాను, బురదకొలత గారూ. అయితే సన్నటి వేళ్లన్నీ పోయాయని ప్రమాణం చేసి చెప్పలేను.

ఐదు సెకన్ల పరీక్షను ఎనిమిది మందిపై చేశాను. శీర్షికను "ఈ మడ అడవి కర్బనంలో పదింట ఏడు వంతులు బురదలోనే ఉన్నాయి" అని మార్చి, తక్కినదంతా పాత నమూనాలో ఉన్నట్టే ఉంచాను. ఐదుగురు "మడ చెట్లు చాలా కర్బనాన్ని దాచుకుంటాయి" అన్నారు. ఇద్దరికి చెట్ల బొమ్మ తప్ప మరేమీ గుర్తులేదు. ఒక్కరు మాత్రమే బురద అన్న మాట పలికారు. అంటే ఏడుగురికి నా ఫలితం తెలియకపోవడమే కాదు, వారిలో ఐదుగురు దానికి తలకిందులైన అర్థంతో వెళ్లిపోయారు. శీర్షికలో బురద అని రాసి ఉన్నా కూడా ఇలా జరిగింది.

ఛాయాచిత్రాన్ని తీసేస్తున్నాను. దాని స్థానంలో ఏం పెట్టాలి? వృత్తచిత్రాన్నే పెద్దది చేయనా?

రేఖాచిత్రం

వృత్తచిత్రం వద్దు. నాలుగు ముక్కల్లో ఏది పైన ఉంటుందో, ఏది కింద ఉంటుందో అది చెప్పదు. మీ ఫలితంలో పైన, కింద అన్నదే అసలు విషయం. మీకు దొరికిన సంఖ్యలు ఏ0 కాగితానికి కొలిచి ఇచ్చినట్టు ఉన్నాయి: ఒక టన్నును ఒక మిల్లీమీటరుగా గీయండి. పోస్టరుకు అడ్డంగా ఒక గీత గీసి దాన్ని నేల మట్టం అనుకోండి. గీతకు పైన చెట్లు, పడిన కలప కలిపి 104 మిల్లీమీటర్ల ఎత్తున నిలబడతాయి. గీత కింద వేళ్లు 44, వాటి దిగువన మట్టి 392 మిల్లీమీటర్లు దిగుతాయి. మొత్తం 540, కాగితం ఎత్తులో సగం కన్నా కొంచెం తక్కువ. చూసేవారి కన్ను గీత దగ్గర మొదలై కిందికి జారుతూ పోతుంది, ఇంకా పోతూనే ఉంటుంది. ఫలితం అప్పటికే వారికి అందిపోతుంది.

పట్టీకి బదులు చెట్టు బొమ్మను, మట్టి దిమ్మ బొమ్మను పెంచి తగ్గించాలన్న కోరిక పుడుతుంది, జాగ్రత్త. మట్టి నేలపై ఉన్నదానికి సుమారు 3.8 రెట్లు. బొమ్మను ఎత్తులోనూ వెడల్పులోనూ 3.8 రెట్లు పెంచితే విస్తీర్ణం 14 రెట్లు అవుతుంది. కన్ను విస్తీర్ణాన్నే చూస్తుంది కనుక మీ ప్రమేయం లేకుండానే అబద్ధం చెప్పినట్టవుతుంది. వెడల్పు అన్నిటికీ ఒకటే ఉండాలి, పొడవు మాత్రమే మారాలి. చెట్టు ఆకారం కావాలనుకుంటే పట్టీ పైన అలంకారంగా సన్నటి గీతతో వేసి ఊరుకోండి.

బురదకొలత

ఈ చిత్రం అందంగానే ఉంటుంది గానీ, ఇందులో ఒక ఉచ్చు ఉంది. నేల మట్టం నుంచి కిందికి దిగే పట్టీని చూసిన ప్రతివారూ దాన్ని లోతు అనుకుంటారు. మట్టి శాస్త్రంలో అలవాటు అది: కిందికి అంటే లోతు. మీ పట్టీలో మాత్రం కిందికి అంటే టన్నులు. పైగా వేళ్లను మట్టి పైన ఒక పొరగా పేర్చితే వేళ్ల కిందే మట్టి మొదలవుతుందన్న భ్రమ కలుగుతుంది. నిజానికి రెండూ ఒకదానిలో ఒకటి కలిసి ఉంటాయి.

లోతునే లోతుగా గీస్తే ఎలా ఉంటుందో చూడండి. మడతీరం గారూ, కోర్‌ను ఏ ఏ విరామాల్లో కోశారో, ఒక్కొక్కదాని బల్క్ డెన్సిటీ, కర్బన శాతం ఎంతో ఇవ్వగలరా?

మడతీరం

ఆరు ప్లాట్ల సగటులు ఇవి. బల్క్ డెన్సిటీ ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో, తర్వాత కర్బన శాతం, ఆ తర్వాత పొర మందం సెంటీమీటర్లలో. మూడింటినీ గుణిస్తే నేరుగా హెక్టారుకు టన్నులే వస్తాయి.

```
0–15 సెం.మీ.:    0.50 × 8.0 × 15 = 60
15–30 సెం.మీ.:   0.55 × 7.2 × 15 = 59
30–50 సెం.మీ.:   0.60 × 6.5 × 20 = 78
50–100 సెం.మీ.:  0.65 × 6.0 × 50 = 195
మొత్తం:                            392
```

బురదకొలత

చాలా బాగుంది. ఇప్పుడు ఒక్కో పొరను దాని మందంతో భాగించండి. పై పొరలో సెంటీమీటరుకు 4.0 టన్నులు, అడుగు పొరలో 3.9. అంటే కర్బన శాతం కిందికి పోయేకొద్దీ 8 నుంచి 6కు తగ్గినా, మట్టి బిగుతు పెరగడంతో ఒక్కో సెంటీమీటరులో ఉన్న కర్బనం దాదాపు మారలేదు. మామూలు అడవి నేలలో పైపొర దాటగానే కర్బనం చకచకా తగ్గిపోతుంది. నీట మునిగి గాలి ఆడని బురదలో అలా జరగలేదు. నిలువు అక్షం మీద లోతు, అడ్డం మీద సెంటీమీటరుకు ఎన్ని టన్నులో గీస్తే, పై నుంచి కింది వరకు ఒకే వెడల్పుతో దిగే దిమ్మ వస్తుంది. దాని విస్తీర్ణమే 392. మీటరు దగ్గర దిమ్మ తెగిపోయినట్టు, కింద ఇంకా ఉన్నట్టు కూడా అందులో కనిపిస్తుంది.

ఈ పట్టికలో మరొక సంగతి కూడా ఉంది. 392లో 195, అంటే సగం, చివరి పొర నుంచే వచ్చింది. ఆ 50 సెంటీమీటర్లకు ప్రతినిధిగా మీరు మధ్య నుంచి 5 సెంటీమీటర్ల ముక్క ఒక్కటే తీసి ఉంటారని అనుకుంటున్నాను. ఎక్కువమంది పాటించే క్షేత్ర పద్ధతి అదే. అంటే మీ ప్రధాన ఫలితంలో సగం భారం కోర్‌కు ఒక్క ముక్క మీద ఆధారపడి ఉంది. ఇది పెద్ద అక్షరాల్లో రాయవలసినది కాదు గానీ, పోస్టరులో ఎక్కడో ఒకచోట ఉండాలి.

రేఖాచిత్రం

బురదకొలత గారి దిమ్మ నిపుణుడికి ఎక్కువ చెబుతుందన్నది నిజమే. అయితే అందులో చెట్లను ఎక్కడ పెడతారు? చెట్లకు లోతు లేదు. విస్తీర్ణాలను పోల్చడం పొడవులను పోల్చినంత తేలిక కూడా కాదు. ఐదు సెకన్లలో తెలియవలసినది పొడవుల చిత్రానికే ఇచ్చి, లోతు దిమ్మను కింద చిన్నగా రెండో చిత్రంగా పెట్టడమే నా సలహా. లోతు అన్న భ్రమ రాకుండా పట్టీ పక్కన టన్నుల సంఖ్యలను పెద్దగా రాస్తే సరిపోతుంది.

బురదకొలత

సంఖ్యను చదివేలోపే ఆకారం మనసులో పడిపోతుందని మీరే చెప్పారు కదా. ఛాయాచిత్రం విషయంలో ఒప్పుకున్న సూత్రాన్ని ఇక్కడ వదిలేస్తున్నారు.

నాలుగోవరుస

మీ ఇద్దరి వాదం మధ్యలోకి నా అనుభవం ఒకటి తెస్తున్నాను. నా పోస్టరులో చెట్లకు ఆకుపచ్చ, బురదకు గోధుమ రంగు వేశాను. అంతకన్నా సహజమైన రంగులేముంటాయి అనుకున్నాను. సదస్సులో ఒక పెద్దాయన చాలాసేపు చూసి "ఈ పట్టీ అంతా ఒకటేనా?" అని అడిగారు. ఆయనకు ఎరుపు, ఆకుపచ్చ రంగుల మధ్య తేడా సరిగా తెలియదు. అలాంటివారికి ఆకుపచ్చ, గోధుమ కలిసిపోతాయి. మడ అడవి పోస్టరు వేసే ప్రతివారి చేయి మొదట వెళ్లేది సరిగ్గా ఆ రెండు రంగుల దగ్గరికే. రంగును మార్చనక్కరలేదు, వెలుగులో తేడా తెస్తే చాలు. చెట్లకు బాగా లేత ఆకుపచ్చ, మట్టికి దాదాపు నలుపనిపించే గోధుమ వేసి, ఒకసారి నలుపు తెలుపులో ముద్రించి చూడండి. అందులోనూ రెండూ వేరుగా కనబడితే ఎవరికైనా కనబడతాయి.

అక్షరాల పరిమాణంలోనూ నేను దెబ్బతిన్నాను. తెరపై అన్నీ పెద్దవిగానే కనిపించాయి. గోడకు ఎక్కాక శీర్షిక తప్ప ఏదీ చదవలేకపోయాను. చదవవలసిన దూరంలో రెండు వందల వంతు ఎత్తున అక్షరం ఉండాలన్నది నేను ఇప్పుడు పాటించే లెక్క. నాలుగు మీటర్లకు 20 మిల్లీమీటర్లు. పెద్ద అక్షరం ఎత్తు పాయింటు పరిమాణంలో సుమారు పదింట ఏడు వంతులే ఉంటుంది కనుక 81 పాయింట్లు కనీసం, 100 నుంచి 110 అయితే నిశ్చింత. ఇది ఇంగ్లీషు అక్షరాల లెక్క. తెలుగులో వేసేవారు ఇంకా పెంచాలి, ఎందుకంటే వత్తులకూ గుడులకూ చోటు పోగా అసలు అక్షరానికి మిగిలే ఎత్తు తక్కువ. పంక్తుల మధ్య ఎడం కూడా పెంచకపోతే పై వరుస వత్తులు కింది వరుస తలకట్లను తాకుతాయి. అనుమానం ఉంటే శీర్షికలో ఒక ముక్కను అసలు పరిమాణంలోనే ఏ4 కాగితం మీద ముద్రించి, గోడకు అంటించి, నాలుగు మీటర్లు వెనక్కి నడిచి చూడండి. ముద్రణకు పంపేముందు నేను ఇప్పుడు మానకుండా చేసే పని ఇదొక్కటే.

మడతీరం

రంగుల మాట విని ఉలిక్కిపడ్డాను. నా వృత్తచిత్రంలో ఉన్నవి సరిగ్గా ఆ రెండే.

ఇంకొక సందేహం ఉంది. ఆరు ప్లాట్లలో మట్టి వాటా వరుసగా 66, 70, 72, 74, 76, 79 శాతం. శీర్షికలో "పదింట ఏడు" అంటే సరిపోతుందా? పట్టీ మీద ఎర్రర్ బార్ గీయాలా? మా మార్గదర్శకులు ప్రామాణిక దోషం వేయమంటున్నారు, అది చిన్నదిగా కనిపిస్తుందని.

పత్రహరితం

ఎర్రర్ బార్ శీర్షిక చిత్రంలో వద్దు. ఐదు సెకన్లలో దాన్ని ఎవరూ చదవరు. ప్రపంచ సగటుతో పోలిస్తే బాగుంటుంది: 2011లో డొనాటో, ఆయన సహచరులు ఇండో పసిఫిక్ ప్రాంతంలోని 25 మడ అడవులకు హెక్టారుకు సగటున 1023 టన్నుల కర్బనం ఉందని ప్రచురించారు. ఆ పట్టీని పక్కన పెడితే మీ అడవి ఎక్కడుందో తెలుస్తుంది.

బురదకొలత

సంఖ్య సరైనదే, పోలిక సరైనది కాదు. వారు కొలిచిన చోట్ల మట్టి అర మీటరు నుంచి మూడు మీటర్లకు పైగా లోతు ఉంది. ఆ లోతంతా లెక్కలోకి వచ్చింది. మడతీరం గారిది మీటరు దగ్గర ఆగింది. రెండు పట్టీలను పక్కపక్కన పెడితే ఈ అడవి సగం మాత్రమే బాగున్నట్టు కనిపిస్తుంది. నిజానికి తేడాలో ఎంత అడవిదో, ఎంత కోర్ పొడవుదో ఎవరూ చెప్పలేరు. అందుకే శీర్షిక కింద వెంటనే "మట్టి: పై ఒక మీటరు మాత్రమే" అని ఉండాలి. ఆ పరిమితి మీ వాదాన్ని బలహీనపరచదు కూడా. ఇంకా లోతుకు వెళ్తే మట్టి వాటా పెరుగుతుందే గానీ తగ్గదు. ఆ పత్రంలోనే మట్టి వాటా అడవిని బట్టి 49 నుంచి 98 శాతం వరకు ఉంది. పోలిక కావాలనుకుంటే మొత్తాన్ని వదిలి ఈ వాటాను వివరణలో ఒక వాక్యంగా రాయండి.

ప్రామాణిక దోషం సంగతి. ఆరు ప్లాట్లూ ఒకే అడవిలో ఒకే వరుస మీద ఉన్నాయి. వాటి మధ్య తేడా ఆ అడవిలోని తేడాయే తప్ప మడ అడవుల మధ్య తేడా కాదు. ప్రామాణిక దోషం వేస్తే ఆ సన్నటి గీతను చూసి "మడ అడవులన్నిటికీ ఇంత కచ్చితంగా తెలిసిపోయింది" అనుకుంటారు. శీర్షికలో "ఈ మడ అడవి" అని మీరు రాశారు చూడండి, ఆ "ఈ" అన్న అక్షరాన్ని ఎవరు తీసేయమన్నా తీయకండి.

రేఖాచిత్రం

పత్రహరితం గారన్నట్టు పెద్ద పట్టీ మీద బార్ వద్దు, బురదకొలత గారన్నట్టు ప్రామాణిక దోషమూ వద్దు. పట్టీ పక్కన 0 నుంచి 100 శాతం వరకు ఒక సన్నటి గీత గీసి, ఆరు ప్లాట్లను ఆరు చుక్కలుగా పెట్టండి. చుక్కలన్నీ 50కి అవతలే ఉన్నాయన్నది దూరం నుంచే కనిపిస్తుంది. దగ్గరికి వచ్చినవారు 66ను, 79ను చదువుకుంటారు. "పదింట ఏడు" అన్నది సగటుగా నిలుస్తుంది. "మూడింట రెండు వంతులకు పైగా ప్రతి ప్లాటులోనూ" అని మాత్రం రాయకండి, 66 శాతం ఉన్న ప్లాటు ఆ వాక్యాన్ని వెంట్రుకవాసిలో తప్పు చేస్తుంది.

మడతీరం

మార్చిన నమూనాతో, ముందు చూడని మరో ఎనిమిది మందితో పరీక్ష మళ్లీ చేశాను. పైన శీర్షిక 110 పాయింట్లలో, దాని కింద "పై ఒక మీటరు" మాట, మధ్యలో నేల గీతతో 540 మిల్లీమీటర్ల పట్టీ, పక్కన ఆరు చుక్కలు. పట్టిక మొత్తం పోయింది. పద్ధతులు నాలుగు వాక్యాలుగా అడుగుకు దిగాయి, కోర్ ముక్క సంగతి అందులోనే ఉంది. ఈసారి ఎనిమిది మందిలో ఏడుగురు బురద లేదా మట్టి అన్నారు, వారిలో నలుగురు "ఎక్కువ భాగం" అని కూడా చేర్చారు.

అయితే బురదకొలత గారి భయం కూడా నిజమైంది. ఆ ఏడుగురిలో ముగ్గురు "కర్బనం చాలా లోతుకు పోయిందట" అన్నారు. నేను ఎక్కడా అలా రాయలేదు. వేళ్ల పొరను మట్టి పైన పేర్చకుండా, పక్కన సగం వెడల్పుతో, రెట్టింపు పొడవుతో పెట్టి చూశాను. ముగ్గురూ ఇద్దరయ్యారు, అయితే రేఖాచిత్రం గారి సమాన వెడల్పు నియమం దెబ్బతింది.

రేఖాచిత్రం

ఆ మార్పును ఒప్పుకోలేను. విస్తీర్ణం సరిపోయినా 44 టన్నులు 88 మిల్లీమీటర్లుగా దిగుతాయి. పట్టీని అడ్డంగా తిప్పి, నేల గీతను నిలువు గీతగా మార్చితే లోతు భ్రమ పూర్తిగా పోతుంది. కాకపోతే కిందికి జారే కన్ను కూడా పోతుంది. ఏది పోగొట్టుకోవాలో మీరే నిర్ణయించుకోవాలి.

బురదకొలత

అడ్డంగా తిప్పడం కన్నా, పట్టీ పక్కనే నిజమైన మీటరు పొడవు కోర్ ఛాయాచిత్రాన్ని, దాని మీద సెంటీమీటర్ల గుర్తులతో పెట్టండి. లోతు ఎక్కడుందో అది చెబుతుంది, పట్టీ టన్నులు చెబుతుంది. ఇద్దరు ఒక్కరవుతారేమో చూడాలి.

మడతీరం

కోర్ ఛాయాచిత్రం ఉంది, స్కేలు పక్కన పెట్టి తీసినదే. రేపు దానితో మరోసారి చూసి, వేళ్ల పొరను పాత చోటికే తెచ్చి ముద్రణకు పంపుతాను.

నాలుగోవరుస

పంపేముందు ఆ కోర్ ఛాయాచిత్రాన్ని కూడా ఒకసారి నలుపు తెలుపులో చూడండి. తడి బురద ఫోటోలో సెంటీమీటర్ల గుర్తులు తరచుగా కనబడకుండా పోతాయి.